షూటింగ్‌కు ముందు ఒక్క పేజీ

“మా కాలేజీ విద్యార్థుల జీవితం మీద ఒక డాక్యుమెంటరీ వీడియో తీయాలనుకుంటున్నాము. కావున తమరు దయతో అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాము.”

డాక్యుమెంటరీ తీయాలని ముచ్చటపడే విద్యార్థులు ప్రిన్సిపాల్‌కు రాసే ఉత్తరం చాలాసార్లు ఈ రెండు వాక్యాలతోనే అయిపోతుంది. మర్యాదకు లోటేమీ లేదు. సంతకం పెట్టాల్సిన మనిషికి తెలియాల్సిన సంగతి మాత్రం ఒక్కటీ లేదు. ఆయన మార్జిన్‌లో ‘డిస్కస్’ అని రాసి వెనక్కి పంపిస్తారు. లేదంటే ఆ కాగితం ఫైళ్ల అడుగున పడి ఉంటుంది. పిల్లలేమో సార్‌కు ఇలాంటివి గిట్టవని అనుకుని, ఫోన్లతో చాటుమాటుగా తీయడం మొదలుపెడతారు. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది.

ఆయన కుర్చీలో కూర్చుని ఆ రెండు వాక్యాలు చదివి చూడండి. ఎవరు తీస్తున్నారు? క్లాసులు జరుగుతుండగా తీస్తారా? అమ్మాయిల వెయిటింగ్ రూమ్ వైపు కెమెరా వెళ్తుందా? మా అమ్మాయి ముఖం ఫోన్లలో తిరుగుతోందంటూ రేపు ఒక తండ్రి ఆఫీసుకు వస్తే ఎవరు జవాబు చెప్పాలి? కాలేజీ పేరుతో ఏది ఎక్కడ కనిపిస్తుంది? సంతకం పెట్టాక వీటన్నింటికీ జవాబుదారీ ఆయనే. అందుకే మంచి అనుమతి లేఖలో బతిమాలడం తక్కువగా ఉంటుంది. ఆయన నోరు తెరిచి అడగకముందే ఈ ప్రశ్నలకు జవాబులు ఉంటాయి.

ఒక ఊహా ఉదాహరణతో ఇది ఎలా కుదురుతుందో చూద్దాం. జిల్లా కేంద్రంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉందనుకుందాం. బీఏ రెండో సంవత్సరం చదివే నలుగురు కలిసి వీడియో తీయాలనుకున్నారు. మొదట వాళ్ల మనసులో ఉన్నది ‘కాలేజీ లైఫ్’ అన్న మాట ఒక్కటే. క్యాంటీన్, క్రికెట్, ఫ్రెషర్స్ డే, హాస్టల్, ల్యాబ్ అన్నీ తీయాలని ఉంది. ఉత్తరం రాయడానికి కూర్చునేసరికి చెయ్యి ఆడలేదు. అన్నీ తీస్తామంటే ఎప్పుడైనా, ఎక్కడికైనా కెమెరా పట్టుకుని వస్తామన్నట్టే కదా.

అప్పుడు విషయాన్ని కుదించారు. ఆ కాలేజీకి రోజూ పల్లెల నుంచి బస్ పాస్ మీద వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. తెల్లవారుజామునే లేచి, మొదటి బస్సు పట్టుకుని, మొదటి పీరియడ్ హాజరు అందుకోవడం వాళ్ల రోజువారీ పోరాటం. బస్సు పావుగంట ఆలస్యమైతే హాజరు పోతుంది. అలాంటి రోజులు ఎక్కువైతే 75 శాతం హాజరు నిబంధన దగ్గర చిక్కు వస్తుంది. పన్నెండు నిమిషాల వీడియోకు ఇది చాలు. విషయం ఇలా తేలగానే ఏం తీయాలో, ఎక్కడ తీయాలో, ఏ వేళలో తీయాలో వాటంతటవే తేలిపోయాయి. పొద్దున గేటు దగ్గర, మధ్యాహ్నం భోజనాల చెట్టు కింద, ఖాళీ పీరియడ్‌లో లైబ్రరీ బయటి వరండాలో, సాయంత్రం మళ్లీ గేటు దగ్గర. జరుగుతున్న క్లాసులోకి వెళ్లాల్సిన పనే లేదు. ఉత్తరం సగం ఇక్కడే అయిపోయింది.

మిగిలింది దారి. విద్యార్థుల అర్జీ నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లడం కంటే డిపార్ట్‌మెంట్ మీదుగా వెళ్తే పని సులువు. ముందు క్లాస్ మెంటర్‌గా ఉన్న లెక్చరర్‌కు చూపించాలి. తర్వాత హెచ్ఓడీతో ‘ఫార్వర్డెడ్’ అని రాయించుకుని సంతకం తీసుకోవాలి. ఆ సంతకం ఉందంటే, ఈ పిల్లలెవరో తెలిసిన ఒక లెక్చరర్ వెనక ఉన్నారని ప్రిన్సిపాల్‌కు అర్థమవుతుంది. షూటింగ్ రోజుల్లో ఏదైనా తేడా వస్తే ఎవరిని పిలవాలో కూడా తెలుస్తుంది. ఆ తర్వాత కాలేజీ ఆఫీసులో ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలి. మన దగ్గర ఉంచుకునే కాపీ మీద కూడా ఆ నంబరు, ముద్ర, తేదీ పడాలి. ఉత్తరం ఎక్కడుందని వారం తర్వాత అడగడానికి ఆ నంబరే ఆధారం.

ఎన్ని రోజుల ముందు ఇవ్వాలన్నదానికి ఒక లెక్క ఉంది. హెచ్ఓడీ సెలవులో ఉండొచ్చు, ప్రిన్సిపాల్ మీటింగ్‌కు వెళ్లొచ్చు, స్టాఫ్ కౌన్సిల్‌లో ఒక మాట అడగాలనుకోవచ్చు. రెండు వారాల వ్యవధి ఉంటే ఇవన్నీ ఇముడుతాయి. ఈ నలుగురూ సంక్రాంతి సెలవులకు ముందే ఉత్తరం ఇచ్చి, సెలవుల తర్వాతి వారాన్ని షూటింగ్‌కు పెట్టుకున్నారు. చివరికి తయారైన ఉత్తరం ఇది.

తేదీ: 05-01-2026

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల.
(చరిత్ర విభాగాధిపతి గారి ద్వారా)

విషయం: పల్లెల నుంచి బస్సులో వచ్చే విద్యార్థుల దినచర్యపై 12 నిమిషాల డాక్యుమెంటరీ వీడియోను కళాశాల ఆవరణలో జనవరి 19 నుంచి 24 వరకు చిత్రీకరించేందుకు అనుమతి కోరుతూ.

ఆర్యా,

మేము బీఏ ద్వితీయ సంవత్సరం విద్యార్థులం నలుగురం. మా పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు జత చేశాము. మా మెంటర్ గారి పర్యవేక్షణలో పై విషయంపై ఒక వీడియో తీయదలిచాము.

బస్సు వేళలు, ప్రయాణం, మొదటి పీరియడ్ హాజరుపై దాని ప్రభావం, మధ్యాహ్న భోజనం, ఇంటికి చేరాక చదువు ఇందులో ఉంటాయి. ఆలస్యం వల్ల హాజరు పోయిన విద్యార్థుల మాటలు కూడా ఉంటాయి. దీనిపై కళాశాల అభిప్రాయం చెప్పేందుకు తమరు పది నిమిషాల సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

చిత్రీకరణ వేళలు: ఉదయం 8.45 నుంచి 9.30 వరకు, మధ్యాహ్న భోజన విరామంలో, సాయంత్రం 4.00 నుంచి 4.45 వరకు. మాకు గాని, మాట్లాడే విద్యార్థులకు గాని ఏ క్లాసూ పోదు.

స్థలాలు: ప్రధాన ద్వారం, భోజనాలు చేసే చెట్ల కింద స్థలం, లైబ్రరీ బయటి వరండా.

క్లాసు జరుగుతున్న గదులు, ల్యాబులు, పరీక్ష గదులు, విద్యార్థినుల విశ్రాంతి గది, టాయిలెట్ల పరిసరాలు, సిబ్బంది గదుల్లో చిత్రీకరించము. డ్రోన్ వాడము.

పరికరాలు: ఒక కెమెరా, ఒక స్టాండ్, రెండు కాలర్ మైకులు. లైట్లు లేవు, కళాశాల కరెంటు అవసరం లేదు. బయటి వ్యక్తులెవరూ రారు.

మాట్లాడే ప్రతి విద్యార్థి దగ్గర ముందుగా రాతపూర్వక సమ్మతి తీసుకుంటాము. 18 ఏళ్లు నిండనివారైతే తల్లిదండ్రుల సంతకం కూడా తీసుకుంటాము. వీడియో పూర్తికాకముందు ఏ ముక్కనూ ఎక్కడా పెట్టము.

పూర్తయిన వీడియోను మొదట తమరికి, మెంటర్ గారికి చూపిస్తాము. వాస్తవంలో పొరపాటు ఉంటే సరిచేస్తాము. అందులో కనిపించే విద్యార్థి ఎవరైనా అభ్యంతరం చెబితే ఆ భాగం తీసేస్తాము. తర్వాత కళాశాల సెమినార్ హాలులో ప్రదర్శించి, విద్యార్థి చలనచిత్ర పోటీలకు పంపాలని ఉద్దేశం. యూట్యూబ్‌లో పెట్టదలిస్తే విడిగా మళ్లీ అనుమతి కోరుతాము.

జతచేసినవి: 1. బృందం వివరాలు, 2. ఆరు రోజుల చిత్రీకరణ పట్టిక, 3. అడగబోయే ప్రశ్నలు, 4. సమ్మతి పత్రం నమూనా.

ఇట్లు,
తమ విధేయులు
(నలుగురి సంతకాలు)

ఉత్తరం ఒక్క పేజీలో సరిపోయింది. ఇంగ్లిష్‌లో రాసినా ఇదే క్రమం పనికొస్తుంది. ఇందులో మూడు చోట్ల మాత్రం కాస్త ఆగి చూడాలి.

మొదటిది, తీయని చోట్ల జాబితా. ఎక్కడ తీస్తామో చెప్పాక మళ్లీ ఎక్కడ తీయమో చెప్పడం ఎందుకనిపిస్తుంది. సంతకం పెట్టేవారి చూపు ముందు పడేది ఆ వాక్యం మీదే. విద్యార్థినుల గది, పరీక్ష గది అన్న మాటలు మీరే రాశారంటే, ఆయన భయపడేది ఏమిటో మీకు తెలుసని అర్థం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపినా, లెక్చరర్ ఎవరైనా అభ్యంతరం చెప్పినా ఆ వాక్యమే మీకు రక్షణ. దాన్ని మీరు దాటితే అనుమతి రద్దు చేయడానికి ఆయనకు కూడా అదే ఆధారం.

రెండోది, హాజరు సంగతిని దాచకుండా రాయడం. కాలేజీకి కాస్త ఇబ్బంది కలిగించే విషయాన్ని ఉత్తరంలో మింగేసి, తర్వాత వీడియోలో పెడదామనిపించడం సహజం. అలా చేస్తే చూపించే రోజున ప్రిన్సిపాల్ మొదటిసారి ఆ మాట వింటారు. తనను మోసం చేశారనుకుంటారు. వీడియో అక్కడే ఆగిపోతుంది. ముందే చెప్పి, మీ మాట కూడా పెడతాం, పది నిమిషాలు ఇవ్వండి అని అడిగితే ఆయన కూడా వీడియోలో ఒక పాత్ర అవుతారు. బస్సు వేళ మార్చమని ఆర్టీసీకి కాలేజీ ఎప్పుడైనా రాసిందా, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఏదైనా వెసులుబాటు ఉందా అన్నది ఆయనే చెప్పాలి. డాక్యుమెంటరీకి కూడా అదే బలం.

మూడోది, వీడియోను ముందుగా చూపిస్తామన్న మాట. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. కొందరు దీన్ని రాయరు. అప్పుడు సంతకం పెట్టడానికి ఆయనకు ధైర్యం చాలదు. ఇంకొందరు ‘తమరు సూచించిన మార్పులన్నీ చేస్తాము’ అని రాసిచ్చేస్తారు. అప్పుడు వీడియో కాస్తా అడ్మిషన్ల ప్రచారంగా మారే అవకాశం ఉంది. పై ఉత్తరంలో హద్దు స్పష్టంగా గీసి ఉంది. వాస్తవం తప్పైతే సరిచేస్తారు. కనిపించే విద్యార్థికి అభ్యంతరముంటే ఆ భాగం తీసేస్తారు. ఏం చెప్పాలన్నది మాత్రం తీసేవాళ్ల చేతిలోనే ఉంటుంది. హద్దు ముందే కాగితం మీద ఉంటే తర్వాత వాదన తక్కువ.

ఇక ప్రిన్సిపాల్ అనుమతి ఎంతవరకు పనిచేస్తుందన్న సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆయన ఇచ్చేది ఆవరణలో కెమెరా పెట్టుకోవడానికి అనుమతి. ఏ విద్యార్థి ముఖాన్నైనా, మాటనైనా వాడుకోవడానికి ఆ విద్యార్థి తరఫున ఆయన ఒప్పుకోలేరు. అందుకే సమ్మతి పత్రం వేరుగా కావాలి. అందులో నాలుగైదు వాక్యాలు చాలు: వీడియో దేని గురించి, ఎక్కడ ప్రదర్శిస్తారు, పేరు వేయాలా వద్దా, నచ్చకపోతే ఏ తేదీలోగా వెనక్కి తీసుకోవచ్చు, అందుకు ఎవరికి చెప్పాలి. తెలుగులోనే ఉండాలి, ఎందుకంటే అది ఇంటికి వెళ్లి అమ్మానాన్నల చేతిలో పడే కాగితం. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవాళ్లు ఉంటారు. జూనియర్ కాలేజీలో అయితే దాదాపు అందరూ అంతే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. పుట్టిన తేదీ గడి ఒకటి పత్రంలో పెడితే ఎవరి ఇంటికి సంతకం కోసం పంపాలో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

వెనక నడిచిపోయేవాళ్ల మాటేమిటి? గేటు దగ్గర వందమంది వస్తుంటే అందరి సంతకాలూ కుదరవు. చిత్రీకరణ జరిగే మూడు చోట్లా ముందురోజే ఒక నోటీసు అంటించాలి. ఇక్కడ ఈ వేళల్లో వీడియో తీస్తున్నాం, కనిపించడం ఇష్టం లేనివారు పక్క దారిలో వెళ్లవచ్చు, తర్వాత అభ్యంతరం చెప్పాలంటే ఫలానా క్లాసులో కలవండి అని రాయాలి. గుంపును దూరం నుంచి తీయాలి. ఒక్క ముఖం మీద కెమెరా నిలిస్తే అది గుంపు దృశ్యం కాదు, దానికి సమ్మతి కావాలి.

రెండో పరిమితి హాస్టల్. బస్సు తప్పిన రోజు స్నేహితుడి హాస్టల్ గదిలో పడుకునే అబ్బాయి కథ ఈ బృందానికి దొరికింది. సహజంగానే అక్కడికి వెళ్లి తీయాలనిపించింది. కాలేజీ సొంత హాస్టల్ అయితే వార్డెన్‌కు కాపీ ఇచ్చి ప్రిన్సిపాల్ అనుమతితో వెళ్లొచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో చదివే చాలామంది ఉండేది మాత్రం సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖల హాస్టళ్లలో. అవి ఆ శాఖల కింద నడుస్తాయి. అక్కడ ప్రిన్సిపాల్ సంతకం చెల్లదు. హాస్టల్ సంక్షేమాధికారిని కలిసి, జిల్లా స్థాయి అధికారికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఈ బృందం ఆ పని పెట్టుకోకుండా, అదే అబ్బాయి చేత చెట్టు కింద కూర్చోబెట్టి కథ చెప్పించాలని నిర్ణయించుకుంది.

బస్సు సంగతీ అంతే. కాలేజీ గేటు దాటితే ఆయన అధికారం అయిపోయినట్టే. బస్టాండ్‌లోనో, బస్సు లోపలో తీయాలంటే ఆర్టీసీ డిపో మేనేజర్‌ను అడగాలి. కాలేజీ ఇచ్చిన అనుమతి కాపీ జత చేస్తే అక్కడ పని తేలికవుతుంది. కానీ అది అక్కడి అనుమతికి బదులు కాదు. డ్రోన్ విషయంలో గొడవ ఇంకా పెద్దది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా విడిపోయి ఉంది. పసుపు, ఎరుపు ప్రాంతాల్లో ఎగరేయడానికి ముందస్తు అనుమతి కావాలి. అది ఇచ్చేది కాలేజీ కాదు. పన్నెండు నిమిషాల బస్సు కథకు ఆకాశం నుంచి చూపించాల్సింది పెద్దగా ఏమీ లేదు కాబట్టి ‘డ్రోన్ వాడము’ అన్న రెండు మాటలతో ఆ చిక్కంతా తప్పింది.

పరీక్షల రోజుల సంగతి కూడా చెప్పుకోవాలి. సెమిస్టర్ పరీక్షలు నడిచే రోజుల్లో ఆ కాలేజీ పరీక్షా కేంద్రం. ఆ రోజుల్లో కెమెరాకు అనుమతి దొరకదు, అడగడమే తప్పుగా కనిపిస్తుంది. ఇంటర్నల్ పరీక్షలు, తనిఖీ బృందాలు వచ్చే రోజులు కూడా కాలేజీ క్యాలెండర్‌లో చూసుకుని పట్టిక వేసుకోవాలి.

సంతకం వచ్చాక ముందు దాని పైన ఏం రాశారో చదవాలి. ‘పర్మిటెడ్’ అని ఒక్క మాట ఉంటే ఉత్తరంలో రాసినదంతా యథాతథంగా ఒప్పుకున్నట్టు. షరతులతో అనుమతి అయితే ఆ షరతులే ఇక అసలు అనుమతి. మన ఉదాహరణలో ప్రిన్సిపాల్ రెండు షరతులు పెట్టారనుకుందాం. సాయంత్రం నాలుగున్నరకల్లా ముగించాలి, మెంటర్ ఆవరణలో ఉన్నప్పుడే తీయాలి. దాంతో పట్టిక మారింది. సాయంత్రం 45 నిమిషాలు ఉన్నది 30 నిమిషాలకు తగ్గింది. మెంటర్‌కు శనివారం వేరే డ్యూటీ ఉంది కాబట్టి ఆ రోజు పని శుక్రవారానికి కలిపారు. మార్చిన పట్టికను ఆఫీసులో మళ్లీ ఇచ్చారు. సంతకమైన ఉత్తరం జిరాక్సులు హెచ్ఓడీకి, లైబ్రేరియన్‌కు, గేటు సెక్యూరిటీకి ఒక్కొక్కటి ఇచ్చి, ఇంకోటి కెమెరా సంచిలో పెట్టుకున్నారు. సెక్యూరిటీకి కాపీ ఇవ్వకపోతే మొదటి రోజు పొద్దున్నే, అసలు బస్సు వచ్చే ఆ పావుగంటలోనే, గేటు దగ్గర వాదనతో దృశ్యం చెయ్యి జారిపోతుంది.

తేదీలు కూడా అనుమతిలో భాగమే. ఒక రోజు బస్సులు బంద్ అయ్యాయనో, కెమెరా దొరకలేదనో పని మిగిలిపోతే పాత కాగితం పట్టుకుని తర్వాతి వారం తీయకూడదు. పాత ఉత్తరం ఇన్‌వార్డ్ నంబరు, తేదీ రాసి, రెండు రోజులు పొడిగించమని నాలుగు వాక్యాల అర్జీ పెడితే సరిపోతుంది. ఒకసారి మాట నిలబెట్టుకున్న బృందానికి పొడిగింపు తేలిగ్గానే దొరుకుతుంది.

‘డిస్కస్’ అని వెనక్కి వచ్చినా అది తిరస్కారం కాదు, వచ్చి మాట్లాడమని అర్థం. వెళ్లేటప్పుడు నలుగురూ కాకుండా ఇద్దరు వెళ్లాలి, ఉత్తరం, ప్రశ్నల జాబితా చేతిలో ఉండాలి. ఆయనకు ఏ వాక్యం దగ్గర ఇబ్బంది ఉందో అడగాలి. ఇబ్బంది చోటు గురించైతే చోటు మార్చవచ్చు, వేళ గురించైతే వేళ మార్చవచ్చు. ఇబ్బంది విషయం గురించే అయితే, కాలేజీ అభిప్రాయం కూడా అందులో ఉంటుందన్న పేరా మళ్లీ చదివి వినిపించాలి. అయినా వద్దంటే ఆ మాట ఉత్తరం మీదే రాసి ఇమ్మని మర్యాదగా కోరాలి. ఆ తర్వాత ఆవరణలో కెమెరా తీయకూడదు. ఇదే కథను పల్లెలో బస్సు ఎక్కే చోట, పిల్లల ఇళ్ల దగ్గర, వాళ్ల వాళ్ల సమ్మతితో తీసుకోవచ్చు. అక్కడ ప్రిన్సిపాల్ సంతకం అవసరం లేదు.